బోరు మోటారు, నాలుగు ఏసీలు ఉన్న ఇంటికి సింగిల్ ఫేజ్ చాలుతుందా, త్రీ ఫేజ్ కావాలా?

ఉదయం ఆరు గంటలకు బోరు మోటారు స్విచ్ వేయగానే ఇంట్లో లైట్లు ఒక్కసారి మసకబారుతున్నాయా? మోటారు గుయ్యిమని మూలిగి, నీళ్లు ఎత్తకుండానే ప్యానెల్ బాక్సులోని ఎంసీబీ పడిపోతోందా? పడక గదిలో ఏసీ ఆపి మళ్లీ స్విచ్ వేస్తే అదే మోటారు సాఫీగా తిరుగుతోందా? ఈ మూడింటికీ మీ జవాబు అవును అయితే, కొత్త మోటారు కొనేముందు ఇది చదవండి. విశాఖపట్నంలో ఇరవై ఏళ్లుగా ఇళ్లకు వైరింగు చేయిస్తున్నాను. మోటారులో ఏ లోపమూ లేకుండానే రెండుసార్లు, మూడుసార్లు వైండింగ్ కట్టించుకున్న ఇళ్లను చాలా చూశాను. ఆ డబ్బు పోయినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. లోపం ఎక్కడుందో అరగంట కొలతల్లో తెలిసిపోతుంది.

ఎండాడలో ఈ మధ్య పని చేసిన ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి వరకు చెబుతాను. రెండంతస్తుల ఇల్లు. కింద హాలు, వంటగది, పెద్దవాళ్ల గది. పైన భార్యాభర్తల గది, కాలేజీలో చదువుకుంటున్న అబ్బాయి గది. మొత్తం నాలుగు ఏసీలు, అన్నీ ఒకటిన్నర టన్నువి. వాటిలో మూడు ఇన్వర్టర్ ఏసీలు, హాల్లోది మాత్రం పాత రకం. రెండు కిలోవాట్ల గీజరు ఒకటి, ఇండక్షన్ పొయ్యి ఒకటి. బోరులో ఒకటిన్నర హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు సుమారు 220 అడుగుల లోతున వేలాడుతోంది. మన నగరం చుట్టూ ఉన్న కొండరాతి నేలలో ఇది అసాధారణమైన లోతు కాదు. కనెక్షన్ సింగిల్ ఫేజ్.

ముందు తేడా ఏమిటో తెలుసుకోండి

సింగిల్ ఫేజ్ అంటే స్తంభం నుంచి మీ ఇంటికి ఒక ఫేజ్ తీగ, ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. రెండింటి మధ్య సుమారు 230 వోల్టులు ఉంటాయి. త్రీ ఫేజ్‌లో మూడు ఫేజ్ తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఏ ఫేజ్‌కైనా న్యూట్రల్‌కు మధ్య అదే 230 వోల్టులు, ఏ రెండు ఫేజ్‌ల మధ్య అయినా 400 వోల్టులు ఉంటాయి. ఫ్యాన్లు, ఏసీలు, గీజరు అన్నీ ఎప్పటిలాగే 230 వోల్టులతోనే నడుస్తాయి. త్రీ ఫేజ్ తీసుకుంటే ఇంట్లో సామాను మార్చాలేమో అని చాలామంది భయపడతారు. ఏదీ మార్చనవసరం లేదు. సామాను అంతా మూడు దారుల మీదికి పంచబడుతుంది, అంతే.

త్రీ ఫేజ్ తీసుకుంటే బిల్లు తగ్గుతుందన్న మాటా, పెరుగుతుందన్న మాటా రెండూ తరచుగా వింటుంటాను. యూనిట్ ధర మీరు వాడే యూనిట్ల శ్లాబు మీద ఆధారపడుతుంది, ఫేజ్‌ల సంఖ్య మీద కాదు. ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం మీరు ఎన్ని కిలోవాట్లకు ఒప్పందం చేసుకున్నారో దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి బిల్లు ఆశతో త్రీ ఫేజ్‌కు వెళ్లవద్దు, బిల్లు భయంతో మానుకోవద్దు.

ఒక రోజు మొత్తం లెక్క రాయండి

ఇంట్లో ఉన్న సామాను వాట్లన్నీ కూడితే పెద్ద అంకె వస్తుంది గాని దాని వల్ల ఉపయోగం తక్కువ. గీజరు, హాలు ఏసీ, మోటారు, పొయ్యి అన్నీ ఒకేసారి నడవవు. రోజులో అత్యధికంగా వాడే రెండు సమయాలు ఎంచుకుని, ఆ సమయంలో నిజంగా ఏవేవి కలిసి నడుస్తున్నాయో రాయండి. మన ఊళ్లో వేసవిలో ఆ సమయాలు దాదాపు ఎప్పుడూ తెల్లవారి ఆరు గంటలూ, రాత్రి తొమ్మిది గంటలూ. సముద్రపు ఉక్క వల్ల తెల్లవారినా ఏసీలు ఆగవు. సరిగ్గా అప్పుడే నీళ్లు ఎక్కించాలి, స్నానాలు మొదలవ్వాలి, పొయ్యి వెలగాలి.

లెక్కను ఆంపియర్లలో వేయండి. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ బాగా పని చేస్తున్నప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. పాత రకం ఏసీ 9 దాకా తీసుకుంటుంది. రెండు కిలోవాట్ల గీజరు 9, ఇండక్షన్ పొయ్యి 8. ఒకటిన్నర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ సుమారు 10. దీని దగ్గర చాలామంది పొరబడతారు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కాబట్టి ఒకటిన్నర హార్స్‌పవర్‌కు 1,100 వాట్లు, అంటే 5 ఆంపియర్లే కదా అని లెక్క కడతారు. హార్స్‌పవర్ మోటారు షాఫ్టు దగ్గర ఇచ్చే బలం. లోపలికి తీసుకునే కరెంటు అంతకంటే చాలా ఎక్కువ. పైన ప్యానెల్ బాక్సు మూత మీదగాని, మోటారు కాగితాల్లోగాని రాసి ఉన్న ఆంపియర్లనే నమ్మండి.

ఎండాడ ఇంట్లో తెల్లవారి లెక్క ఇది. పైన రెండు ఏసీలు ఇంకా నడుస్తున్నాయి, వాటికి 14. గీజరు 9, మోటారు 10, పొయ్యి 8, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లకు 3. మొత్తం 44 ఆంపియర్లు, అంటే సుమారు 10 కిలోవాట్లు. రాత్రి తొమ్మిదికి హాలు ఏసీ 9, పెద్దవాళ్ల గది 7, అబ్బాయి గది 7, పొయ్యి 8, మిగతావి 4 కలిపి 35 ఆంపియర్లు. ఈ రెండు అంకెలు చూస్తేనే ఒక ఫేజ్ మీద ఈ ఇల్లు నడవడం సబబు కాదని అర్థమవుతుంది.

మీ మీటరు తెర మీద మారుతూ కనిపించే అంకెల్లో గరిష్ఠ డిమాండ్ కిలోవాట్లలో ఉంటుంది. దాన్ని కూడా రాసుకోండి. అయితే ఆ అంకె సాధారణంగా అరగంట సగటు. మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు అందులో కనబడదు. మీ ఇబ్బంది మోటారుదైతే మీటరు అంతా బాగుందనే చెబుతుంది.

మోటారు మొదలయ్యే క్షణాన్ని కొలవండి

ఈ మెట్టును ఎవరూ చేయరు. అసలు నిజం మాత్రం ఇక్కడే బయటపడుతుంది. మంచి ఎలక్ట్రీషియన్ దగ్గర క్లాంప్ మీటరు ఉంటుంది. తీగను కోయకుండా దాని చుట్టూ పట్టి కరెంటు చూపించే పరికరం అది. దానితో పాటు వోల్టేజ్ చూసే మల్టీమీటరు. తెరిచిన బోర్డు దగ్గర ఈ కొలతలు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, మీరు అంకెలు రాసుకోండి.

మొదట ఇంట్లో అన్నీ ఆపి మెయిన్ దగ్గర వోల్టేజ్ చూడండి. తర్వాత ఉదయం రోజూ నడిచేవన్నీ నడిపి చూడండి. చివరగా మోటారు స్విచ్ వేసి, ఆ ఒకటి రెండు సెకన్లలో వోల్టేజ్ ఎంతకు దిగిందో, కరెంటు ఎంతకు ఎగిరిందో చూడండి. మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడు మామూలు కరెంటుకు నాలుగైదు రెట్లు లాగుతుంది. 10 ఆంపియర్ల మోటారు ఆ క్షణంలో 45 లాగుతుందనుకోండి.

ఇప్పుడు ఈ 45 ఆంపియర్లు ఏ దారిలో వెళ్తున్నాయో చూద్దాం. మా ఉదాహరణ ఇంటికి స్తంభం నుంచి 30 మీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు ఉంది, 10 చదరపు మిల్లీమీటర్లది. వెళ్లి రావడానికి 60 మీటర్లు. దాని నిరోధం సుమారు 0.185 ఓమ్‌లు. మోటారు లేకుండా ఇంట్లో 34 ఆంపియర్లు ఇప్పటికే నడుస్తున్నాయి. మోటారు మొదలైతే 79. అంటే సర్వీసు వైరులోనే 14, 15 వోల్టులు పోతాయి. స్తంభం దగ్గర 222 వోల్టులు వస్తుంటే మెయిన్ దగ్గర 207 మిగులుతాయి. లైట్లు మసకబారేది అందుకే.

అసలు నష్టం తర్వాత ఉంది. ప్యానెల్ నుంచి బోరు అడుగుకు కేబుల్ పొడవు 80 మీటర్లు. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. వెళ్లి రావడానికి 160 మీటర్లు, నిరోధం 1.19 ఓమ్‌లు. 45 ఆంపియర్ల దగ్గర ఆ కేబుల్‌లో పోయేది 53 వోల్టులు. 207 లోంచి 53 తీసేస్తే మోటారుకు చేరేది సుమారు 154. మోటారు తిప్పే బలం వోల్టేజ్‌ను దానితోనే గుణిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది. 230 దగ్గర ఉండే బలంలో 154 దగ్గర సగం కూడా మిగలదు. వోల్టేజ్ తగ్గితే మొదటి కరెంటు కూడా కొంత తగ్గుతుంది కాబట్టి నిజమైన అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. కాని మోటారు ఎందుకు మూలుగుతోందో తెలియడానికి ఈ లెక్క చాలు. తిరగలేని మోటారు ఆ పెద్ద కరెంటును లాగుతూనే ఉండిపోతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, కెపాసిటర్ ఉబ్బుతుంది. మెకానిక్ వచ్చి కెపాసిటర్ మార్చి వెళ్తాడు. నెల తర్వాత మళ్లీ అదే కథ.

ఈ కొలతలు మీకు మూడు రకాల తీర్పుల్లో ఒకటి ఇస్తాయి. ఇంట్లో అన్నీ ఆపినా వోల్టేజ్ 200 కంటే తక్కువ ఉంటే లోపం వీధిలో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎక్కువైంది, లేదా లైను చివర మీ ఇల్లు ఉంది. ఇలాంటి చోట త్రీ ఫేజ్ తీసుకున్నా పూర్తి ఉపశమనం రాదు. రాత్రి తొమ్మిదికి, అర్ధరాత్రికి తీసిన రెండు కొలతలు రాసుకుని 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఫిర్యాదు సంఖ్య దాచుకోండి. అన్నీ ఆపినప్పుడు బాగుండి, ఏసీలు నడిపితే మెయిన్ దగ్గర బాగా పడిపోతే సర్వీసు మీద భారం ఎక్కువైంది. దానికి మందు త్రీ ఫేజ్. మెయిన్ దగ్గర బాగానే ఉండి మోటారు ఒక్కటే మూలుగుతుంటే తప్పు బోరు కేబుల్‌ది. దాన్ని 4 చదరపు మిల్లీమీటర్లకు మారిస్తే 53 వోల్టుల నష్టం 33కు దిగుతుంది. ఒకటి రెండు ఏసీలు మాత్రమే ఉన్న ఇళ్లలో ఎన్నోసార్లు ఈ ఒక్క మార్పే సరిపోయింది. అటువంటి ఇంటికి త్రీ ఫేజ్ పెట్టించడం అనవసరపు ఖర్చు.

ఎవరికి ఏది

నా అనుభవంలో లెక్క ఇలా తేలుతుంది. అత్యధిక సమయంలో కలిపి 20 ఆంపియర్లకు లోపు ఉంటే, అంటే రెండు ఏసీల్లో ఆ సమయానికి ఒకటే నడుస్తూ, ఒక హార్స్‌పవర్ మోటారు ఉండి, గీజరు సమయానికి మోటారు నడపకుండా ఉండగలిగితే, సింగిల్ ఫేజ్ హాయిగా చాలుతుంది. మోటారుకు టైమరు పెట్టి తెల్లవారి నాలుగు గంటలకు నడిపించే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయి. అది మంచి అలవాటు. 25 ఆంపియర్లు దాటితే త్రీ ఫేజ్ వైపు మొగ్గండి. మూడు, నాలుగు ఏసీలతో పాటు బోరు ఉన్న ఇల్లయితే ఇక ఆలోచించవద్దు. రెండు హార్స్‌పవర్, అంతకు మించిన మోటారు వేయాల్సిన లోతు ఉన్నా అంతే. త్వరలో విద్యుత్ కారు కొనే ఆలోచన ఉంటే దాని పెద్ద చార్జరు ఒక్కటే 32 ఆంపియర్లు తీసుకుంటుందని గుర్తుంచుకుని ఇప్పుడే లెక్కలో కలపండి.

మధ్యలో ఉన్నవాళ్లు ఒక పని చేయవచ్చు. కొత్తగా ఇల్లు కడుతున్నట్టయితే కనెక్షన్ ఏదైనా సరే, మీటరు నుంచి ఎంసీబీలు ఉండే డీబీ పెట్టె దాకా నాలుగు తీగలు పట్టే పైపు వేయించి, మూడు ఫేజ్‌లకు సరిపడే డీబీ పెట్టించండి. గోడలు పగలగొట్టడం కంటే ఇది ఎంతో చవక.

దరఖాస్తుకు ముందు వీధిలోకి వెళ్లి పైకి చూడండి

మీ ఇంటికి దగ్గరి స్తంభం మీద మూడు ఫేజ్ తీగలు ఉన్నాయో లేదో చూడాలి. కొండ అంచు కాలనీల్లో, కొత్త లేఅవుట్ల చివరి వీధుల్లో ఒక్కోసారి రెండు తీగలే ఉంటాయి. అప్పుడు విద్యుత్ సంస్థ లైను పొడిగించాలి, ఆ ఖర్చు అంచనాలో మీ మీద పడవచ్చు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను తర్వాత నగరంలో కొన్ని ప్రాంతాలకు భూగర్భ కేబుళ్లు వేశారు. మీరు అక్కడ ఉంటే స్తంభానికి బదులు రోడ్డు పక్కనున్న పిల్లర్ బాక్సు నుంచి కనెక్షన్ వస్తుంది. అక్కడ త్రీ ఫేజ్ దొరుకుతుందో లేదో లైన్‌మన్‌ను అడగండి.

విశాఖలో సరఫరా చేసేది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. మీ సెక్షన్ కార్యాలయంలో అసిస్టెంట్ ఇంజనీరును కలిసి, సింగిల్ ఫేజ్‌ను త్రీ ఫేజ్‌గా మార్చాలని, దానితో పాటు ఒప్పంద లోడ్ పెంచాలని చెప్పండి. పాత బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు, ఇంటి యాజమాన్యపు పత్రం, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. పెంచిన కిలోవాట్లకు అభివృద్ధి చార్జీలు, డిపాజిట్ కట్టవలసి ఉంటుంది. అందుకే ఎన్ని కిలోవాట్లు అడగాలో ముందే తేల్చుకోవాలి. ఎండాడ ఇంటికి తెల్లవారి లెక్క 10 కిలోవాట్లు వచ్చింది, మేము అంతే అడిగాం. సామాను వాట్లన్నీ కూడి 16, 18 అడిగి ఉంటే ప్రతి నెలా ఫిక్స్‌డ్ చార్జీ ఊరికే కట్టాల్సి వచ్చేది. తక్కువ చెప్పి ఎక్కువ వాడటం కూడా మంచిది కాదు. మీటరులో అది నమోదవుతుంది, తర్వాత నోటీసు వస్తుంది.

లోడును మూడు ఫేజ్‌ల మీద పంచండి

కనెక్షన్ వచ్చిన తర్వాత మొదలయ్యేదే అసలైన పని. చాలా ఇళ్లలో కింది అంతస్తు ఒక ఫేజ్‌కు, పై అంతస్తు ఒక ఫేజ్‌కు, మోటారు మూడో దానికి ఇచ్చి వెళ్లిపోతారు. తీగ లాగడానికి అది సులువు. కాని రాత్రిపూట పై అంతస్తులోని ఏసీలన్నీ ఒకే ఫేజ్ మీద పడతాయి, మరో ఫేజ్ ఖాళీగా ఉంటుంది. సింగిల్ ఫేజ్‌లో ఉన్న ఇబ్బంది అలాగే మిగిలిపోతుంది.

గదుల్ని బట్టి కాకుండా సమయాన్ని బట్టి పంచండి. ఒకే వేళ నడిచే రెండు పెద్ద వస్తువులు ఒకే ఫేజ్ మీద పడకూడదన్నదే సూత్రం. ఎండాడ ఇంట్లో ఇలా పంచాం. ఎర్ర తీగ ఫేజ్ మీద హాలు ఏసీ, భార్యాభర్తల గది ఏసీ, మోటారు. హాల్లో ఏసీ ఆపాకే వాళ్లు పైకి వెళ్తారు, కాబట్టి ఆ రెండు ఏసీలు కలిసి నడవడం అరుదు. పసుపు తీగ మీద పెద్దవాళ్ల గది ఏసీ, గీజరు. వాళ్లు తెల్లవారుజామునే లేచి ఏసీ ఆపేస్తారు, తర్వాతే గీజరు వేస్తారు. నీలం తీగ మీద అబ్బాయి గది ఏసీ, వంటగది. లైట్లు, ఫ్యాన్లు మూడింటి మీదా తలా కొంత. ఒక ఫేజ్ పోయినా ప్రతి అంతస్తులో ఏదో ఒక లైటు వెలుగుతూ ఉండాలని మెట్ల దగ్గరి లైటును వేరే ఫేజ్‌కు ఇచ్చాం.

తెల్లవారి ఆరింటికి క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఎర్ర ఫేజ్ మీద 18, పసుపు మీద 10, నీలం మీద 16 ఆంపియర్లు ఉన్నాయి. ఒకప్పుడు ఒకే తీగలో 44 నడిచిన చోట ఇప్పుడు ఏ తీగలోనూ 20 లేదు. మోటారు మొదలైన క్షణంలో ఎర్ర ఫేజ్ మీద ఉన్నది దాని 45కు తోడు 8 మాత్రమే. లైట్లు కదలలేదు. ఆ ఇంటి పెద్దాయన స్విచ్ మూడుసార్లు వేసి చూశారు.

పంచడం అన్ని వేళలా సమానంగా రాదు, రానక్కరలేదు. ఏ ఫేజూ మరో దానికి రెండింతలు గంటల తరబడి నడవకుండా చూసుకుంటే చాలు.

ఉన్న మోటారును త్రీ ఫేజ్‌కు మార్చాలా?

కనెక్షన్ త్రీ ఫేజ్ అయినంత మాత్రాన మోటారు కూడా త్రీ ఫేజ్ కావాలని లేదు. మా ఉదాహరణలో పాత సింగిల్ ఫేజ్ మోటారునే ఉంచాం, ఎందుకంటే అది బాగానే ఉంది. అది కాలిపోయినప్పుడో, బోరులోంచి పైకి తీయాల్సి వచ్చినప్పుడో మార్చుకోవచ్చు.

త్రీ ఫేజ్ మోటారు లాభం లోతైన బోర్లలో బాగా తెలుస్తుంది. అదే ఒకటిన్నర హార్స్‌పవర్ త్రీ ఫేజ్ మోటారు ఒక్కో తీగలో మూడున్నర ఆంపియర్ల దాకా మాత్రమే తీసుకుంటుంది. అదే 80 మీటర్ల కేబుల్‌లో అది నడిచేటప్పుడు పోయేది 400లో 4 వోల్టుల లోపు, అంటే నూటికి ఒక వంతు కూడా కాదు. సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 230లో 12 వోల్టులు, నూటికి అయిదు వంతులు పోతుండేవి. పైగా త్రీ ఫేజ్ మోటారుకు కెపాసిటర్లే ఉండవు. మాటిమాటికి పాడయ్యే భాగం తప్పిపోతుంది.

అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతే మీ ఇంటికి రెండు ఫేజ్‌లే వస్తాయి. ఇంట్లో మూడింట రెండు వంతులు మామూలుగా వెలుగుతుంటాయి కాబట్టి మీకు వెంటనే తెలియదు. త్రీ ఫేజ్ మోటారు మాత్రం ఆ రెండింటి మీదే తిరగడానికి ప్రయత్నించి నిమిషాల్లో వేడెక్కి కాలిపోతుంది. స్టార్టరులో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించకుండా త్రీ ఫేజ్ మోటారును ఎప్పుడూ నడపవద్దు. పెట్టించాక ఒక ఫేజ్ ఎంసీబీని కిందికి దించి, మోటారు మొదలుకాకుండా ఆగుతుందో లేదో మీ కళ్ల ముందే చూపించమనండి.

రెండోది తిరిగే దిశ. మూడు తీగల్లో ఏ రెండు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. సబ్‌మెర్సిబుల్ వెనక్కి తిరిగినా నీళ్లు పూర్తిగా ఆగవు, ధార బాగా సన్నబడుతుంది. అందుకే బోరు ఎండిపోయిందని చాలామంది అనుకుంటారు. స్తంభం దగ్గర మరమ్మతు జరిగిన మరునాడే ధార తగ్గిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండు తీగలు మార్చి కలిపితే ధార మళ్లీ పూర్వంలా వస్తుంది. ట్యాంకు నిండటానికి మామూలుగా ఎన్ని నిమిషాలు పడుతుందో గోడ మీద రాసిపెట్టుకుంటే ఇలాంటి మార్పు ఇట్టే పట్టుబడుతుంది.

సింగిల్ ఫేజ్ మోటారును ఉంచుకోవడానికి మన ఊరికి సంబంధించిన ఒక బలమైన కారణం ఉంది. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు అద్దెకు దొరికిన చిన్న జనరేటర్లు సింగిల్ ఫేజ్‌వే. ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారును 5 కేవీఏ జనరేటరుతో నడుపుకోవచ్చు. త్రీ ఫేజ్ మోటారు ఉన్నవాళ్లు బోరులో నీళ్లుండీ బిందెలు పట్టుకుని పక్కింటికి వెళ్లాల్సి వస్తుంది. బోరు 200 అడుగుల చుట్టూ ఉండి, మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్ దాటకపోతే నేను సింగిల్ ఫేజ్ మోటారుకే ఓటు వేస్తాను. అంతకు మించితే త్రీ ఫేజ్ మోటారు వేయించండి.

న్యూట్రల్ తీగను అశ్రద్ధ చేయవద్దు

త్రీ ఫేజ్ ఇంట్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది తెగిన న్యూట్రల్. సింగిల్ ఫేజ్‌లో న్యూట్రల్ తెగితే అన్నీ ఆగిపోతాయి, సామానుకు హాని తక్కువ. త్రీ ఫేజ్‌లో అలా కాదు. న్యూట్రల్ తెగితే ఒక ఫేజ్ మీది సామాను, మరో ఫేజ్ మీది సామాను వరుసగా 400 వోల్టుల మధ్య ఇరుక్కుంటాయి. తక్కువ లోడు ఉన్న వైపు వోల్టేజ్ 300 కూడా దాటుతుంది. టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఏసీల లోపలి బోర్డులు క్షణాల్లో పోతాయి.

పూర్తిగా తెగేముందు అది కొన్ని గుర్తులు చూపుతుంది. ఒక గదిలో లైట్లు మామూలు కంటే ప్రకాశంగా, మరో గదిలో మసకగా వెలుగుతాయి. ఒక ఏసీ వేయగానే వేరే గదిలో ఫ్యాన్ వేగం పెరుగుతుంది. ఇలా కనిపించిన క్షణంలో మెయిన్ దించేయండి, ఆ తర్వాతే ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేయండి.

మన తీరంలో ఈ ముప్పు మరీ ఎక్కువ. బీచ్‌కు దగ్గరి కాలనీల్లో ఉప్పు గాలి వల్ల అల్యూమినియం సర్వీసు వైరు రాగి తీగతో కలిసే చోట తెల్లటి పొడి పేరుకుంటుంది. అతుకు వదులై వేడెక్కుతుంది. తీగలను చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకును ఒప్పుకోకండి. రెండు లోహాలకూ సరిపడే బైమెటల్ లగ్గు వాడి బిగించమని చెప్పండి. న్యూట్రల్ తీగ ఫేజ్ తీగలంత మందంగానే ఉండాలి. మూడు ఫేజ్‌ల కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి సన్నది చాలని కొందరు చెబుతారు. ఇన్వర్టర్ ఏసీలు, ఎల్ఈడీ లైట్లు తీసుకునే కరెంటు అలా పూర్తిగా రద్దు కాదు. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గాని స్విచ్ గాని ఎక్కడా ఉండకూడదు. మెయిన్‌కు నాలుగు తీగలనూ ఒకేసారి తెంచే నాలుగు పోళ్ల ఎంసీబీ పెట్టి, దాని తర్వాత కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ, ఎక్కువ తక్కువ వోల్టేజ్ రెండింటికీ ఇంటిని తెంచేసే రక్షణ పరికరం పెట్టించండి. ఆ చివరి పరికరం ఖరీదు ఒక ఏసీ బోర్డు ఖరీదు కంటే తక్కువే.

డీబీ లోపల ప్రతి సర్క్యూట్‌కు దాని న్యూట్రల్ దానికే ఉండాలి. వేర్వేరు ఆర్‌సీసీబీలు ఉన్న ఇంట్లో ఒక గది ఫేజ్, వేరే ఆర్‌సీసీబీ కిందున్న పక్క గది న్యూట్రల్ కలిసిపోయి ఉంటే ఆర్‌సీసీబీ కారణం లేకుండా పడుతున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అలా చేయనివ్వకండి, కలిసిపోయిన న్యూట్రల్‌ను వెతికించండి.

ఇక ఫేజ్ మార్చుకునే స్విచ్. ఒక ఫేజ్ పోయినప్పుడు ఆ సామానును వేరే ఫేజ్ మీదికి తిప్పుకోవడానికి త్రీ ఫేజ్ ఇళ్లలో దీన్ని పెట్టుకుంటారు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, సింగిల్ ఫేజ్ మోటారు వరకు ఇది ఎంతో ఉపయోగం. ఏసీలను, గీజరును మాత్రం దానికి కలపవద్దు. వీధిలో ఒక ఫేజ్ పోయిన రాత్రి అందరూ ఏసీలను మిగిలిన ఫేజ్‌ల మీదికి తిప్పితే కాసేపటికి ఆ ఫ్యూజులూ పోతాయి. వేసవిలో మా వీధిలో ఇది కళ్లారా చూశాను.

అన్నీ పూర్తయ్యాక వారం రోజులు ఆగి, బిగించిన ప్రతి స్క్రూను ఎలక్ట్రీషియన్ చేత మళ్లీ బిగింపు చూపించుకోండి. కొత్త తీగలు వేడెక్కి చల్లారాక మొదటి బిగింపు కొంత వదులవుతుంది. తర్వాత ఏటా ఒకసారి, వేసవి మొదలయ్యేముందు మార్చిలో, తెల్లవారి ఆరు గంటల కొలతలు మూడు ఫేజ్‌ల మీదా న్యూట్రల్ మీదా తీయించి, డీబీ తలుపు లోపలి వైపు తేదీతో రాయించి పెట్టండి.